వినబడని అక్షరాల డిక్టేషన్

మా అమ్మాయి మూడో తరగతి చదివిన ఏడాది, ప్రతి గురువారం సాయంత్రం మా వంటింటి బల్ల దగ్గర నేను ఫ్రెంచి డిక్టేషన్ చెప్పేదాన్ని. నాకు ఫ్రెంచి రాదు. ఆ సంగతి నాకు పెద్ద అడ్డంకిగా తోచలేదు. అక్షరాలు ఇంగ్లీషువే కదా, కూడబలుక్కుని చదివేస్తే పోలా అనుకున్నాను.

మేం ఉండేది కెనడా తూర్పు తీరాన, డార్ట్‌మత్‌లో. హార్బర్ దాటితే హాలిఫాక్స్, అక్కడి ఆసుపత్రి ల్యాబ్‌లో నా ఉద్యోగం. మా ఆయన ఇంట్లో కూర్చునే కంప్యూటర్ పని చేస్తారు. పిల్లని ఫ్రెంచి ఇమర్షన్‌లో, అంటే ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకి పాఠాలన్నీ ఫ్రెంచిలోనే చెప్పే క్లాసులో, చేర్పించాలని పట్టుబట్టింది నేనే. "మనిద్దరికీ ఒక్క ముక్క రాదు, దానికెట్ల చెప్పిస్తవ్?" అని ఆయన అడిగితే, "తల్లిదండ్రులకి ఫ్రెంచి రానక్కర్లేదని స్కూలువాళ్ళే చెప్పారు, విన్నారుగా" అన్నాను. స్కూలువాళ్ళు నిజంగానే అన్నారు. ఇంట్లో పిల్లకి డిక్టేషన్ కూడా మీరే చెప్పేయండి అని మాత్రం అనలేదు. అది నా సొంత ఉత్సాహం.

ప్రతి సోమవారం స్కూలు నుంచి ఆ వారం మాటలూ, వాటితో కొన్ని వాక్యాలూ వచ్చేవి. శుక్రవారం క్లాసులో టీచరు వాటినే డిక్టేషన్ చెప్పేవారు. ఆ టీచర్ని పిల్లలంతా మదామ్ అంటారు, కాబట్టి నాకూ ఆవిడ మదామే. డిక్టేషన్ అన్న మాట వినగానే నా ప్రాణం లేచొచ్చింది. ఇక్కడి చదువులో నాకు తెలిసిన వస్తువు ఒకటి కనబడింది. కూడికలు మేం నేర్చుకున్నట్టు నేర్పరు, ఎక్కాలు వల్లెవేయించరు, చేతిరాత పట్టించుకోరు. ఇన్నాళ్ళకి నేను కొంగు బిగించి దిగగలిగే పని దొరికింది.

ఎందుకంటే తెనాలి పక్కన మా బడిలో తెలుగు డిక్టేషన్‌లో నన్ను కొట్టినవాళ్ళు లేరు. మా తెలుగు మాస్టారు బల్లల మధ్య నడుస్తూ ఒక్కో మాట రెండుసార్లు పలికేవారు. దీర్ఘం ఉంటే సాగదీసేవారు, ఒత్తు ఉంటే ఒత్తి పలికేవారు. పెద్ద ళ వచ్చిందంటే ఆయన నాలుక మడత పడటం మాకు కళ్ళారా కనబడేది. చెవులు రిక్కించి వింటే చాలు, పలక మీద తప్పు పడే ప్రసక్తే లేదు. రాయడమంటే విన్నదాన్ని విన్నట్టు దించడం. చెప్పడమంటే ప్రతి అక్షరమూ అవతలివాళ్ళ చెవిన పడేలా పలకడం. నాకు తెలిసిన డిక్టేషన్ అది, దాన్నే తెచ్చి వంటింట్లో ఫ్రెంచికి తగిలించాను.

చున్నీ నడుముకి చుట్టుకుని, చేతిలో కాగితం పట్టుకుని, స్టవ్వుకీ ఫ్రిజ్జుకీ మధ్య పచార్లు చేస్తూ చెప్పేదాన్ని. ఒక వారం వాక్యం నాకిప్పటికీ గుర్తు. 'చిన్న పిల్లిపిల్లలు నిద్రపోతున్నాయి' అని దాని అర్థం. నేను గొంతు సవరించుకుని, "లెస్... పెటిట్స్... చాట్స్... డోర్మెంట్" అన్నాను. ఒక్క అక్షరం మింగలేదు. టకారాలకి టకారాలు, చివరి సకారాలకి సకారాలు, అన్నీ గింజల్లా రాల్చాను. పిల్ల తల వంచుకుని చకచకా రాసింది. చూస్తే ఒక్క తప్పు లేదు. ఎర్ర పెన్నుతో పెద్ద టిక్కు పెట్టి, ముద్దు పెట్టి, మా ఆయనకి చూపించాను.

"మంచిగనే రాసిందే బిడ్డ" అన్నారాయన.

"రాయక? చెప్పింది ఎవరనుకున్నారు?" అన్నాను.

గురువారం గురువారం ఇదే వరస. ఇంట్లో అన్నీ టిక్కులు. శుక్రవారం స్కూల్లో ఏమైందని అడిగితే మాత్రం "ఓకే" అనేది. మా అమ్మాయికి బాగున్నా ఓకే, బాగోకపోయినా ఓకే. నేనూ తవ్వలేదు. ఇంట్లో అంత బాగా రాసే పిల్లకి స్కూల్లో ఏం ఢోకా ఉంటుందిలే అనుకున్నాను.

ఫిబ్రవరిలో మదామ్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది, ఒకసారి వచ్చి మాట్లాడమని. మెత్తగా రాసిన మెయిలే అయినా అందులో ఒక వాక్యం నా గుండెలో కలుక్కుమంది. పై ఏడాదికి పిల్లని ఇంగ్లీషు క్లాసుకి మార్చడం గురించి కూడా ఆలోచిద్దాం అని ఉంది.

నేను ఆరోజు గొడవకే వెళ్ళాను, అబద్ధమెందుకు. ఇంట్లో రాసిన కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టుకుని, మంచులో బూట్లు ఈడ్చుకుంటూ వెళ్ళాను. చిన్న పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఆ కాగితాలు బల్ల మీద పరిచాను. మదామ్‌ది నా వయసే ఉంటుంది, ఈ నోవా స్కోషియా రాష్ట్రంలోనే తరతరాలుగా ఫ్రెంచి మాట్లాడే కుటుంబం. ఆవిడ నా కాగితాలు చూసి నిజంగానే ఆశ్చర్యపోయారు. తర్వాత క్లాసులో రాసిన కాగితాలు తీసి పక్కన పెట్టారు. చూస్తే నా కళ్ళు తిరిగాయి. అదే చేతిరాత, అవే వాక్యాలు, కానీ మాటలన్నీ తోకలు తెగి ఉన్నాయి. పిల్లిపిల్లల వాక్యంలో చివరి అక్షరం మిగిలిన మాట ఒక్కటీ లేదు. కొన్నిచోట్ల రెండు మాటలు అతుక్కుపోయి ఒకటే అయ్యాయి, కొన్నిచోట్ల ఖాళీ.

"నేను చెప్పేటప్పుడు తను ఆగిపోతుంది. నా మొహంలోకి చూస్తూ, ఇంకా ఏదో రావాలన్నట్టు ఎదురుచూస్తుంది. ఈలోగా మిగతావాళ్ళు తర్వాతి వాక్యానికి వెళ్ళిపోతారు. ఈమధ్య ఏడుపు ఆపుకుంటోంది" అన్నారు మదామ్ ఇంగ్లీషులో.

ఆ ఏడుపు మాటకి నా కోపం ఇంకా పెరిగింది. "ఇంట్లో నేను చెప్తే ఒక్క తప్పు రాదండీ. మరి మీరు ఎలా చెప్తున్నారో" అనేశాను. అనకూడదు, అన్నాను.

ఆవిడ నొచ్చుకోలేదు. "మీరు ఎలా చెప్తారో ఒకసారి చెప్పండి, ప్లీజ్" అన్నారు.

నాకేం భయం? కాగితం తీసుకుని, మా మాస్టారిని తలుచుకుని, లెస్ పెటిట్స్ చాట్స్ డోర్మెంట్ అని ఖంగుమనిపించాను. ఆవిడ నవ్వలేదు. ఆ నవ్వకపోవడానికి నేను జన్మంతా ఋణపడి ఉంటాను. కాసేపు ఆలోచించి, అదే వాక్యం తను చదివారు. "లే పెతీ షా దోర్మ్." అంతే. నేను చెప్పిన అక్షరాల్లో సగం గాలికి పోయాయి. ఇదేమిటి, ఇంత చిన్నదా అనిపించింది నాకు.

"మీరు డిక్టేషన్ చెప్పడం లేదు. ఆమెకి స్పెల్లింగ్ ఇచ్చేస్తున్నారు. చాలా శ్రద్ధగా, ఒక్క అక్షరం వదలకుండా ఇస్తున్నారు. ఆమె కూడా చాలా శ్రద్ధగా తీసుకుంటోంది" అన్నారావిడ.

అప్పుడు విడమరిచి చెప్పారు. ఫ్రెంచిలో మాట చివరి అక్షరాలు చాలావరకు పలకరు, కానీ రాయాలి. పిల్లి ఒకటైనా పది అయినా చెవికి 'షా' అనే వినబడుతుంది. పది అని తెలిసేది ముందొచ్చే చిన్న 'లే' వల్లే. ఆ 'లే' చెవిన పడిందా, వెనకొచ్చే మాటలన్నిటికీ వినబడని తోకలు వరసగా తగిలించుకుంటూ పోవాలి, చివర నిద్రపోవడం అన్న క్రియతో సహా. కాబట్టి చెవి ఒక్క ఆనవాలు పట్టుకోవాలి, మిగతాది తెలివి పూర్తి చేయాలి. రెండూ ఒకేసారి జరగాలి, డిక్టేషన్ పెట్టేదే అందుకు. నా దగ్గర మా పిల్లకి విన్నది విన్నట్టు దించడం అలవాటైంది. క్లాసులో కూడా అదే చేసింది. విన్నది విన్నట్టు, తోకలు లేకుండా దించింది.

ఏప్రిల్లో మళ్ళీ కూర్చుందాం, అప్పుడు నిర్ణయిద్దాం అన్నారు. ఈలోగా నన్ను చదవద్దన్నారు. తన గొంతుతో వాక్యాలు రికార్డు చేసి పంపుతానన్నారు. ఎలా చేయించాలో కూడా చెప్పారు. మొదటిసారి పెన్సిల్ కింద పెట్టి ఊరికే వినాలి, అర్థం పట్టుకోవాలి. రెండోసారి ముక్కలు ముక్కలుగా వింటూ, విన్న ముక్కని నోటితో ఒకసారి అనుకుని రాయాలి. మూడోసారి మొత్తం వింటూ వేలు పెట్టి సరిచూసుకోవాలి. చివర్లో అసలు వాక్యం చూసి వేరే రంగుతో ఎవరి తప్పు వాళ్ళే దిద్దుకోవాలి. నేను బుద్ధిగా తలూపి, కాగితాలు మళ్ళీ కవర్లో దోపుకుని బయటపడ్డాను.

ఇంటికొచ్చాక పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాను. "ఇంగ్లీషు క్లాసుకి మారతావా తల్లీ, ఈ బాధంతా ఉండదు" అని అడిగాను.

"నో!" అంది. గట్టిగా అరిచినట్టే అంది. కిండర్‌గార్టెన్ నుంచి ఒకటిగా ఉన్న ఆ క్లాసూ, ఆ స్నేహితులూ, మదామ్ చదివే కథలూ దానికి ప్రాణం. "ఐ డోంట్ వాంట్ టు లీవ్. ప్లీజ్ అమ్మా."

"మరి నేను తప్పుగా చదువుతున్నానని నీకు తెలుసా?"

స్వెట్టరు చేతుల్లోకి వేళ్ళు దాచేసుకుంది. మళ్ళీ అడిగితే, "యా. ఫ్రమ్ ద స్టార్ట్" అంది.

"మరెందుకు చెప్పలేదే?"

"యూ వర్ సో హ్యాపీ, అమ్మా. నువ్వు చున్నీ అలా కట్టుకుని, టీచర్‌లా వాక్ చేస్తావు కదా. ఐ లైక్‌డ్ ఇట్. నేను రాంగ్ అంటే యూ విల్ స్టాప్."

ఆ పిల్ల వారం వారం రెండు రకాల ఫ్రెంచి మోసింది, ఒకటి స్కూలుకి, ఒకటి నాకోసం. నా మాట విని నేను చెప్పినట్టే రాసి, నా టిక్కు నాకు పెట్టనిచ్చి, నన్ను సంతోషపెట్టి, మర్నాడు పొద్దున వెళ్ళి అక్కడ ఏడుపు మింగింది. దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకున్నాను. తర్వాత సింకు దగ్గరికెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ కాసేపు ఏడ్చాను.

మా ఆయన మాత్రం, "ఎందుకింత పరేషాన్? ఇంగ్లీషు క్లాసుల ఏస్తే అయిపాయె. దానికి నష్టమేముంది?" అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కానీ పిల్ల మొహం ఆయన చూడలేదు, నేను చూశాను. ఏప్రిల్ దాకా ఆగండి అన్నాను.

మొదటి రికార్డింగు పెట్టిన రోజున పిల్ల రాయనంది. ఫోన్లోంచి మదామ్ గొంతు రాగానే దానికి క్లాసు గుర్తొచ్చి చేతులు బిగుసుకుపోయాయి. బతిమాలాను, చాక్లెట్ ఆశ పెట్టాను, చివరికి కసిరాను కూడా. అప్పుడు అది కాగితం ఒకటి నావైపు తోసి, "యూ రైట్ టూ" అంది.

"నేనా? నాకు ఫ్రెంచి రాదుగా!"

"సో? నాకూ రావట్లేదు కదా."

పెన్సిల్ తీసుకున్నాను. ఇద్దరం ఎదురుబొదురుగా కూర్చుని విన్నాం. మొదటిసారి ఏమీ రాయకుండా వినాలన్న నియమం నాకు నరకం. చేయి దానంతటదే కాగితం మీదికి పోతుంటే, పిల్ల నా మణికట్టు పట్టుకుని ఆపింది. రెండోసారి మొదలైంది. నేను రాసింది దిద్దుకునే వేళకి చూస్తే, మాటకో తప్పు. తప్పులేని మాట కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. మా తెలుగు మాస్టారు చూస్తే బెంచీ ఎక్కించేవారు. పిల్ల నా కాగితం లాక్కుని ఊదారంగు పెన్నుతో దిద్దుతూ, ఆ వారంలో మొదటిసారి నవ్వింది. పకపకా నవ్వింది. వెక్కిరింతకి కాదులెండి, తోడు దొరికిన ఆనందానికి.

"ఏంది, టీచరమ్మకే మార్కులు తక్కువొచ్చినయా?" అని మా ఆయన తలుపు దగ్గర్నుంచి ఆటపట్టించారు.

"మీరొచ్చి రాయండి చూద్దాం" అన్నాను. ఆయన మీటింగ్ ఉందని మాయమైపోయారు.

ఆ తర్వాత మాది రోజూ నడిచే వ్యవహారమైంది. శనివారాలు ఈత క్లాసుకి ఫెర్రీ ఎక్కి హాలిఫాక్స్ వెళ్ళేవాళ్ళం. ఫెర్రీలో ఒక ఇయర్‌ఫోన్ దాని చెవిలో, ఒకటి నా చెవిలో. వీపుసంచీ ఒళ్ళో పెట్టుకుని దాని మీద కాగితం పెట్టుకుని రాసేవాళ్ళం. ఇంజను రొదలో మదామ్ గొంతు సగమే వినబడేది. మదామ్ ఆ సంగతి తెలిసి, మరీ మంచిదన్నారు. సగం విన్నప్పుడే మిగతా సగం ఏముంటుందో బుర్ర వెతుకుతుందట. నాకు మాత్రం సముద్రం మీద గాలి మొహానికి కొడుతుంటే, పిల్ల తల నా భుజానికి ఆని ఉంటే, ఒక్క వైరు మా ఇద్దరికీ సరిపోవడమే బాగుండేది.

నా వంతు సాయం కూడా కొంత లేకపోలేదు. ఒకరోజు 'పిల్లలు' అన్న మాట దగ్గర అది ఆగిపోయింది. "ఇందులో జాఫాఁ అని ఏదో ఉంది. జెడ్‌తో స్టార్ట్ అవుతుంది. అలాంటి వర్డ్ లేదు" అని పెన్సిల్ కొరుకుతోంది. మదామ్ 'లేజాఫాఁ' అంటున్నారు. రెండు మూడుసార్లు విన్నాక నాకు తట్టింది. ముందున్న 'లే'కి చివర పలకని ఒక సకారం ఉంది. వెనకొచ్చే మాట అచ్చుతో మొదలైతే ఆ పడుకున్న సకారం లేచి జకారమై, దాన్ని కరుచుకుంటోంది. "ఒసే, ఇది సంధే!" అని కేకేశాను. మా బడిలో విడదీసి రాయండి అని మార్కులకి అడిగేవారు, అందులోనూ నేను ఫస్టే. మాటని ఎక్కడ విరవాలో దానికి చూపించాను. అప్పట్నుంచి ఏదైనా వింత మాట చెవిన పడితే అది ముందు, "అమ్మా, సంధి చెక్!" అనేది. కెనడాలో పుట్టిన పిల్ల నోట సంధి అన్న మాట ఫ్రెంచి పుణ్యమా అని వినబడింది, ఏమంటారు!

ఇంకోటి ల్యాబ్ నుంచి తెచ్చాను. రోగి రక్తపరీక్షలో ప్రమాదకరమైన అంకె ఏదైనా వస్తే మేం వార్డుకి ఫోన్ చేసి చెప్తాం. అవతల నర్సు రాసుకుని, తను రాసుకున్నదే తిరిగి మాకు చదివి వినిపించాలి. వినిపిస్తేగానీ ఫోన్ పెట్టం. అదే పద్ధతి ఇంట్లో పెట్టాను. రాశాక, అసలు వాక్యం చూసే ముందు, రాసింది పైకి చదవాలి. రాసినప్పుడు దాటిపోయిన తప్పు చదివేటప్పుడు అడ్డం తగిలేది. పిల్ల చదువుతూ చదువుతూ సగంలో ఆగి, "వెయిట్, వెయిట్" అని తనే తోక తగిలించుకునేది. ఆ 'వెయిట్' వినడం కోసం నేను చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని.

అంతా సాఫీగా సాగిందనుకునేరు. మార్చి చివరి వారం క్లాసులో రాసిన కాగితం ఇంటికొచ్చింది, ఫిబ్రవరికన్నా ఘోరంగా ఉంది. ఈసారి తోకలు తెగలేదు, దొరికిన మాటకల్లా తోక తగిలించేసింది. ఒకే ఒక పిల్లికి కూడా సకారం పెట్టింది. పేర్లకి పెట్టింది. చివరికి అక్కర్లేని చిన్న చిన్న మాటలకి కూడా పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల మీద కాదు, ఆ భాష మీద. "చెప్పేదానికీ రాసేదానికీ పొంతన లేని ఈ భాషా ఒక భాషేనా! ఇక నావల్ల కాదు, మనవల్ల కాదు" అని పెన్సిల్ బల్ల మీదికి విసిరేశాను. అది దొర్లుకుంటూ వెళ్ళి కింద పడింది. నేను వెళ్ళి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను, కచకచా.

ఉల్లిపాయలు అయ్యాయి, పోపు అయింది. నా మనసు మాత్రం ఆ కాగితం దగ్గరే తచ్చాడుతోంది. ఆ వారం నేను రాసిన వాక్యంలోనూ ఒకచోట అదే పొరపాటు చేశాను, ఎందుకు చేశానో అంతుబట్టలేదు. ఆ మాట అలా వదిలేసి అన్నం తినడం నాకు చేతకాలేదు. స్టవ్వు సిమ్‌లో పెట్టి, వంగి పెన్సిల్ వెతుక్కుని, ఫోన్లో రికార్డింగు మళ్ళీ పెట్టాను. 'లే' వస్తుందా, ఒక్కదానికే వాడే 'ల' వస్తుందా అని కళ్ళు మూసుకుని విన్నాను. తోకకి కారణం ఉంటేనే తోక. కారణం చెవికి అందాకే చెయ్యి కదలాలి. మేమిద్దరం చెవిని వదిలేసి తోకల భయంతో రాసేశాం. కళ్ళు తెరిచేసరికి పిల్ల తన కుర్చీ నా పక్కకి జరుపుకుని కూర్చుని ఉంది. కాగితం తీసుకుంది.

ఏప్రిల్లో మదామ్ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఇక్కడ ఆ మీటింగులకి పిల్లల్ని కూడా కూర్చోబెడతారు. మా ఆయన కూడా మీటింగులన్నీ మానుకుని వచ్చి, చిన్న కుర్చీ చూసి నిలబడే ఉంటానన్నారు. మా పిల్ల క్లాసు, దాని స్నేహితులు, అదంతా ఈ బల్ల మీద ఉంది. ఇంగ్లీషు క్లాసు అంటే ఎలా ఓదార్చాలో దారి పొడుగునా మనసులో అనుకుంటూనే వచ్చాను.

మదామ్ తాజా డిక్టేషన్ కాగితం మా ముందు పెట్టారు. తప్పులు ఉన్నాయి. కళ్ళతో గబగబా లెక్కపెట్టబోయి మానేశాను. కొన్నిచోట్ల పిల్ల తనే కొట్టేసి తనే సరిచేసుకుంది. ఒక మాట దగ్గర ముందు తోక పెట్టి, తర్వాత తీసేసి, మళ్ళీ పెట్టిన గుర్తులున్నాయి. మదామ్ వేలు సరిగ్గా అక్కడే ఆనించారు.

"చూడండి, ఇక్కడ తను మూడుసార్లు ఆలోచించింది. ఫిబ్రవరిలో నా మొహం చూసి ఎదురుచూసేది. ఇప్పుడు నన్ను చూడదు, తల వంచుకుని వింటుంది. పెదాలు కదుపుతూ తనలో తను చదువుకుంటుంది. తప్పులు ఇంకా వస్తాయి. కానీ ఇవి వింటున్న పిల్ల చేసే తప్పులు, నాకు వీటితో పేచీ లేదు" అన్నారు.

నాకు ఊపిరి తిరిగింది. కానీ ఆవిడ ముగించలేదు. పై ఏడాది పని పెరుగుతుందట, వాక్యాలు పేరాలవుతాయట, కష్టపడాల్సింది పిల్ల కాబట్టి తననే అడగాలన్నారు. అలా అని, పిల్ల వైపు తిరిగి ఫ్రెంచిలో అడిగారు. నాకోసం నెమ్మదించలేదు, మామూలు వేగంతోనే అడిగారు. ఇంకా కొనసాగాలనుందా, అలిసిపోయావా అని అడుగుతున్నారని మాత్రం పోల్చుకున్నాను.

మా అమ్మాయి ఒకసారి నావైపు చూసింది. తర్వాత మదామ్‌కేసి తిరిగి ఫ్రెంచిలోనే జవాబు చెప్పింది. ఇంట్లో అది ఫ్రెంచి రాయడం చూశాను, చదవడం విన్నాను. తన మనసులో మాట ఆ భాషలో చెప్పుకోవడం అదే మొదటిసారి వినడం. చిన్న గొంతు, గబగబా వచ్చే మాటలు, ఒకదాన్నొకటి కరుచుకుని. నేను తెలియకుండానే తల వంచాను. వేళ్ళు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. మొదట అర్థం, తర్వాత ముక్కలు. 'మా మేర్' అంటోంది, నన్నే. 'ఫోత్' అంటోంది, తప్పులు. తర్వాత ఒక చిన్న ముడి వచ్చింది, 'మెజెల్'. నేను దాన్ని విరిచాను. 'కానీ ఆమె'.

మదామ్ కళ్ళు తడిగా మెరిశాయి. మా ఆయన ఏమన్నదే అన్నట్టు నాకేసి చూస్తున్నారు. మదామ్ నావైపు తిరిగి, "మీ అమ్మాయి ఏమందంటే" అని ఇంగ్లీషులో మొదలుపెట్టారు.

"అక్కర్లేదండీ, నాకు వినబడింది" అన్నాను.

మా ఆయనకి నేనే తెలుగులో చెప్పాను, మధ్యలో రెండుసార్లు ఆగి. "మా అమ్మకి నాకన్నా ఎక్కువ తప్పులొస్తాయి. కానీ ఆమె ఆపదు. అందుకని నేనూ ఆపను."